బాలింత సంరక్షణ, 4వ పాఠం: గర్భసంచి దిగుతోందా, మైల రంగు మారుతోందా?

పోయిన పాఠంలో కాన్పయిన మొదటి 24 గంటలు చూశాం. ఈ పాఠం ఇంటికొచ్చాక బాలింతను చూసే ఆశా, ఏఎన్ఎం అక్కలకు, నర్సింగ్ చదివేవాళ్లకు. పురిటి కాలం 42 రోజులు. మీరు 3వ రోజు, 7వ రోజు, ఆ తర్వాత 14, 21, 28, 42వ రోజుల్లో ఆ ఇంటికి వెళ్తారు. వెళ్లినప్పుడల్లా గర్భసంచి ఎంత దిగిందో, మైల ఏ రంగులో ఉందో, ఒంట్లో వేడి ఉందో లేదో కలిపి చూడాలి. మూడింటిలో ఒక్కటే చూసి తీర్పు చెప్తే మోసపోతాం.

ముందు గర్భసంచి. కాన్పయిన వెంటనే అది కిలో బరువుంటుంది, దాని పైఅంచు ఇంచుమించు బొడ్డు దగ్గర తగులుతుంది. రెండో రోజు నుంచి రోజుకు సుమారు ఒక వేలి వెడల్పున కిందికి దిగుతుంది. మొదటి వారం చివరికి బరువు అరకిలోకి తగ్గుతుంది. రెండు వారాలకు కటి ఎముకల మధ్యకు దిగిపోయి పొట్ట మీద చేతికి దొరకదు. ఆరు వారాలకు మామూలు పరిమాణానికి దగ్గరవుతుంది. కండర కణాల సంఖ్య పెద్దగా తగ్గదు, ఒక్కో కణమే చిన్నదవుతుంది. మాయ ఊడిన చోట అరచేయంత పుండు మిగులుతుంది. అక్కడి రక్తనాళాలను చుట్టూ ఉన్న కండరాలే బిగించి పట్టుకుంటాయి. అందుకే గర్భసంచి మెత్తగా ఉందంటే రక్తం ఆగడం లేదేమోనని అనుమానించాలి.

చేత్తో చూసే పద్ధతి ఇది. ముందు ఆమెను మూత్రానికి పంపండి. ఇది మరిచిపోతే లెక్కంతా తప్పుతుంది. నిండిన మూత్రాశయం గర్భసంచిని పైకి, ఎక్కువగా కుడి పక్కకు నెడుతుంది, దిగలేదని మనం పొరబడతాం. తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్లు కొంచెం మడవమనండి. చేతులు కడుక్కుని, ఎడమ చేతి చిటికెన వేలి వైపు అంచును బొడ్డు పైన ఆనించి మెల్లగా కిందికి జరపండి. గుండ్రటి గట్టి అంచు తగిలిన చోట ఆగి, అక్కడి నుంచి బొడ్డు వరకు ఎన్ని వేళ్లు పడతాయో లెక్కపెట్టండి. వారం దాటితే కింది ఎముక నుంచి పైకి లెక్కపెట్టడం సులువు. చేయి ఆనించేటప్పుడు ఆమె మొహం చూడండి. నొప్పికి కనుబొమలు ముడిపడ్డాయా అన్నది పుస్తకంలో రాసుకోవాల్సిన విషయమే. సిజేరియన్ అయితే కుట్టు మీద ఒత్తకూడదు. అలాంటి వాళ్లలో గర్భసంచి దిగడం కాస్త ఆలస్యం కావచ్చు.

పాలిచ్చేటప్పుడు పొత్తికడుపు మెలిపెట్టినట్టు నొప్పి రావడం మామూలే, రెండో మూడో కాన్పుల్లో ఎక్కువగా ఉంటుంది. బిడ్డ చీకుతుంటే ఆక్సిటోసిన్ విడుదలై గర్భసంచి బిగుసుకుంటుంది. అది వచ్చి పోయే నొప్పి. ఎప్పుడూ ఉండి, చేయి పెడితే ఎక్కువయ్యే నొప్పి వేరు. నడికట్టు గర్భసంచిని తొందరగా దించదు. హాయిగా ఉందంటే కట్టుకోనివ్వండి, కానీ చూసేటప్పుడు విప్పించండి.

ఇక మైల. పుస్తకాల్లో దీన్నే లోకియా అంటారు. మొదటి మూడు నాలుగు రోజులు ఎరుపు, చిన్న గడ్డలు పడొచ్చు. తర్వాత తొమ్మిది పది రోజుల దాకా గులాబీ లేక గోధుమ రంగు, పలచన. ఆ తర్వాత పసుపు కలిసిన తెలుపు. కొందరికి మూడు వారాల్లో ఆగుతుంది, కొందరికి ఐదారు వారాలు కొద్దికొద్దిగా కనిపిస్తుంది. పచ్చి వాసన సహజం, కుళ్లు వాసన కాదు. పొద్దున మంచం దిగగానే ఒక్కసారిగా నల్లటి రక్తం పడితే భయపడొద్దు. రాత్రంతా యోనిలో నిలిచినదే అది, నిమిషాల్లో తగ్గుతుంది. ఎన్ని మార్చావు అని నోటిమాటగా అడిగి వదిలేయొద్దు, ప్యాడ్ చూపించమనండి. రోజుకు ఐదు ప్యాడ్‌లు దాటి తడుస్తుంటే ఆస్పత్రికి పంపాలి. గంటలో ఒకటి పూర్తిగా నానితే, పెద్ద గడ్డలు పడితే అప్పటికప్పుడు 108 పిలవాలి. “చెడు రక్తం పోతోంది, పోనీ” అనే పెద్దవాళ్లకు ఈ లెక్క ఓపిగ్గా చెప్పండి. పోయేది ఆమె ఒంట్లోని మంచి రక్తమే.

గుర్తుపెట్టుకోవాల్సిన అసలు సంగతి: రంగు ముందుకే నడవాలి. గోధుమ రంగుకు వచ్చినది మళ్లీ ఎర్రబడితే కారణం వెతకాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండో కాన్పు, మామూలు కాన్పే. 3వ రోజు గర్భసంచి బొడ్డుకు మూడు వేళ్ల కింద గట్టిగా ఉంది, మైల ఎరుపు, జ్వరం లేదు. 7వ రోజు కింది ఎముకకు నాలుగు వేళ్ల పైన ఉంది, మైల గోధుమ రంగు. 9వ రోజు అత్తగారు కబురు పంపారు. వెళ్లేసరికి మధ్యాహ్నానికే నాలుగు ప్యాడ్‌లు తడిశాయి, రక్తం తాజా ఎరుపు, వాసన భరించలేం. మూత్రానికి పంపి చూసినా గర్భసంచి అదే నాలుగు వేళ్ల దగ్గరే ఉంది, మెత్తగా ఉంది, చేయి పెడితే నొప్పి. జ్వరం 100.8 డిగ్రీలు, నాడి 112. రెండు రోజుల్లో ఒక్క వేలు కూడా దిగలేదు, రంగు వెనక్కి నడిచింది, పైగా జ్వరం. లోపల మాయ ముక్కో పొరో మిగిలి చీము పట్టిందని ముందుగా అనుమానించాలి. ఐదు ప్యాడ్‌ల లెక్క పూర్తయ్యేదాకా ఆగకూడదు. బండి వచ్చేలోగా పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో ఉంచాలి, బిడ్డను వెంట పంపాలి. పడిన గడ్డలు, ప్యాడ్‌లు కవరులో వేసి డాక్టరుకు చూపించాలి. అక్కడ స్కాన్ చేస్తారు, యాంటీబయాటిక్స్ మొదలుపెడతారు, ముక్క మిగిలి ఉంటే తీస్తారు.

ఇదే 9వ రోజు ఇంకొకామెకూ ఎర్రగా పడిందనుకోండి. మాయ ఊడిన చోటి పక్కు రాలినప్పుడు, సుమారు 7 నుంచి 14 రోజుల మధ్య, అలా కావచ్చు. గర్భసంచి రెండు వేళ్లకు దిగి గట్టిగా ఉంది, వాసన లేదు, జ్వరం లేదు, నాడి 80. ఆమెను పడుకోబెట్టి, అక్కడే కూర్చుని చూడండి. గంటా రెండు గంటల్లో తగ్గాలి. తగ్గకపోతే ఆమెనూ పంపాల్సిందే.

జ్వరం విషయంలో ఇళ్లలో ఎక్కువగా వినిపించే మాట “పాల జ్వరం”. మూడో రోజు ప్రాంతంలో రొమ్ములు గట్టిపడి ఒళ్లు కొంచెం వెచ్చబడొచ్చు, ఒక రోజులో తగ్గుతుంది. మొదటి 24 గంటలు దాటాక 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, చేరితే పాల మీదికి నెట్టి ఊరుకోవద్దు. పారాసిటమాల్ వేసుకుందేమో ముందే అడగండి, ఆ మాత్ర అంకెను దాచేస్తుంది. తర్వాత రొమ్ములు, కుట్లు, మూత్రంలో మంట, పిక్కల్లో వాపు, దగ్గు ఒక్కొక్కటీ చూడండి. మన ఊళ్లలో మలేరియా, డెంగీ కూడా బాలింతలకు వస్తాయి. కానీ కుళ్లు వాసనో పొత్తికడుపు నొప్పో తోడైతే మిగతావి వెతుకుతూ కూర్చోవద్దు, వెంటనే పంపండి.

నాడిని తప్పక పట్టుకోండి. చలికి వణుకుతూ, ఊపిరి వేగంగా తీస్తూ, నాడి 110 దాటిన బాలింతకు థర్మామీటర్ 99 చూపించినా ఆమెది ఆస్పత్రి కేసే. తీవ్రమైన ఇన్‌ఫెక్షన్‌లో ఒక్కోసారి జ్వరం కనిపించకపోవచ్చు, మాట తడబడటం, మగత ముందు కనిపిస్తాయి. వాటిని “సన్నిపాతం” అని మంత్రానికో పసరుకో వదిలేసిన గంటలే ప్రాణం మీదికి తెస్తాయి.

అభ్యాసం: 5వ రోజు, సిజేరియన్, గర్భసంచి బొడ్డుకు ఒక వేలు కింద, మైల చాలా తక్కువ, జ్వరం 101, మూత్రానికి వెళ్లి ఆరు గంటలైంది. మొదట ఏం చేస్తారు, ఆమెను ఇంట్లోనే ఉంచవచ్చా? మీ కారణం రెండు వాక్యాల్లో రాసి పెట్టుకోండి, జవాబుతో 5వ పాఠం మొదలవుతుంది.