ఆక్సిజన్ పరికరాల ఫ్లిప్డ్ క్లాసు: సిలిండర్ తెరవకముందే చూసుకోవలసినవి

పాఠం ఇంట్లో వీడియోలో చూసి, క్లాసుకు వచ్చి చేత్తో చేయడమే ఫ్లిప్డ్ క్లాసు. విశాఖలో నర్సింగ్ విద్యార్థులను వార్డు పోస్టింగుకు పంపే ముందు ఆక్సిజన్ పరికరాలను ఇలా నేర్పితే బాగా పట్టుబడతాయి. కాకపోతే ఈ క్లాసులో నిజమైన సిలిండర్, నిజమైన ఒత్తిడి ఉంటాయి. పైగా ఇక్కడ తప్పుగా అలవాటైన చెయ్యి రేపు రోగి దగ్గరా అదే తప్పు చేస్తుంది. అందుకే ముందు జాగ్రత్తలు.

మొదట వీడియోలు. మూడు చాలు, ఒక్కొక్కటి ఆరేడు నిమిషాలు మించకూడదు: సిలిండర్, ఫ్లోమీటర్ ఒకటి, నేసల్ ప్రాంగ్స్, మాస్కులు ఒకటి, గది గాలి కలిపి నిర్ణీత ఆక్సిజన్ శాతం ఇచ్చే వెంచురీ మాస్కు విడిగా ఒకటి. ఎక్కడిదో వీడియో దించి పంపకండి. మీ స్కిల్ ల్యాబులో ఉన్న రెగ్యులేటర్‌నే, మీ దగ్గరున్న మాస్కులనే ఫోనుతో తీయండి. వెంచురీ రంగులు కంపెనీని బట్టి మారతాయి. వీడియోలో ఒక రంగు, చేతిలో ఇంకో రంగు ఉంటే విద్యార్థి రంగునే గుర్తుపెట్టుకుని తప్పు శాతం ఇస్తాడు. రంగు కాదు, దాని మీద అచ్చువేసిన శాతం, లీటర్లు చదవాలని వీడియోలోనే చెప్పండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోయి ఫ్లోమీటర్ గీతలు అలుక్కుపోతాయి, డాక్యుమెంట్‌గా పంపండి. గోళీ ఉన్న ఫ్లోమీటర్‌లో గోళీ మధ్యభాగం దగ్గర చదవాలి. ఆ గీత కనబడకపోతే వీడియో తీసి ప్రయోజనం లేదు.

అక్టోబరు, నవంబరుల్లో క్లాసు పెడితే వీడియోలు వారం ముందే ఫోన్లలోకి దించుకోమనండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు కరెంటూ నెట్‌వర్కూ ఎలా పోయాయో ఊళ్లో అందరికీ తెలుసు. చిన్న వాయుగుండానికి కూడా ఒక పూట నెట్ పోవచ్చు.

క్లాసు మొదట్లో అయిదు ప్రశ్నల చిన్న పరీక్ష పెట్టండి. వీడియో చూడకుండా వచ్చినవాళ్లను ఓ మూల కూర్చోబెట్టి ఫోనులో చూపించండి. వాళ్ల కోసం అందరికీ మళ్లీ పాఠం చెప్పారా, వచ్చేసారి ఎవరూ చూసి రారు.

ఇక గ్యాసు లెక్క. 24 మంది అనుకుందాం. ఆరుగురు చొప్పున నాలుగు జట్లు, నాలుగు స్టేషన్లు, స్టేషన్‌కు 20 నిమిషాలు, మొత్తం 80 నిమిషాలు. సంచి ఉండే రిజర్వాయర్ మాస్క్ స్టేషన్‌లో నిమిషానికి 15 లీటర్ల మీద అలా వదిలేస్తే 80 నిమిషాలకు 1200 లీటర్లు పోతుంది. నిండు బి టైప్ సిలిండర్‌లో ఉండేదే దాదాపు 1500 లీటర్లు. కాబట్టి పరీక్షించేటప్పుడే తెరవాలి, వివరించేటప్పుడు కట్టేయాలి. ఎంత మిగిలిందో విద్యార్థులతోనే కట్టించండి: బి టైప్ సిలిండర్ నీటి సామర్థ్యం 10 లీటర్లు, గేజ్ 100 బార్ చూపిస్తే పదిని వందతో గుణించి సుమారు 1000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల చొప్పున 100 నిమిషాలు. రోగిని తరలించేటప్పుడు ఆఖరి చుక్క దాకా లెక్కపెట్టుకోకూడదు, కొంత మిగులు ఉంచుకోవాలని అక్కడే చెప్పండి.

నిప్పు సంగతి చాలామంది తప్పుగా ఊహిస్తారు. ఆరు మీటర్ల వెడల్పు, ఎనిమిది మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తున్న గదిలో 1200 లీటర్లు కలిసినా గది గాలిలో ఆక్సిజన్ ఒక్క శాతం కూడా పెరగదు. అసలు ప్రమాదం దుప్పటిలో ఉంది. ఫ్లో ఆపకుండా మాస్కును మంచం మీద పడేస్తే గుడ్డ పోగుల మధ్య ఆక్సిజన్ నిండిపోతుంది, చిన్న నిప్పురవ్వకే భగ్గుమంటుంది. మాస్కు కింద పెట్టేముందు ఫ్లో ఆపడం ప్రతి స్టేషన్‌లోనూ నియమంగా పెట్టండి. రెండోది చేతులు. కొబ్బరినూనె అంటిన చేతులతో, శానిటైజర్ ఇంకా ఆరని చేతులతో వాల్వ్‌ను, రెగ్యులేటర్‌ను ముట్టుకోనివ్వకండి. వాల్వ్ బిగుసుకుందని నూనె వేయడం అసలే కూడదు. సిలిండర్‌ను ట్రాలీకి గొలుసుతో కట్టి, వాల్వ్‌ను నెమ్మదిగా, ముఖం పక్కకు పెట్టి తెరవాలి.

హ్యుమిడిఫైయర్ స్టేషన్‌లో ఒక సీసా మూతను కావాలనే వదులుగా ఉంచండి. ఫ్లోమీటర్ 4 చూపిస్తుంది, ప్రాంగ్స్ దగ్గర గాలి ఉండదు. ఎలా కనిపెట్టాలి? ట్యూబును వేళ్లతో నొక్కి మూయాలి. సీసా బిగుతుగా ఉంటే బుడగలు ఆగి, కాసేపటికి సేఫ్టీ వాల్వ్ ఈల వేస్తుంది. ట్యూబు మూసినా బుడగలు వస్తూనే ఉన్నాయంటే మూత దగ్గర కారిపోతోంది. వార్డులో ప్రాంగ్స్ పెట్టినా సాచురేషన్ పెరగనప్పుడు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే.

రిజర్వాయర్ మాస్కును విద్యార్థి ముఖానికి పెట్టి తక్కువ ఫ్లోతో ప్రయోగాలు చేయకండి. గడియారం చాలు. లోపలి వాల్వ్‌ను వేలితో మూసి, ఒక లీటరు సంచి ఎంతసేపటికి నిండుతుందో చూడమనండి. 15 లీటర్ల మీద నాలుగు సెకన్లు, 5 లీటర్ల మీద పన్నెండు సెకన్లు. ఆయాసపడే రోగి నిమిషానికి 30 సార్లు ఊపిరి తీస్తే ఒక్కో ఊపిరికి ఉండేది రెండు సెకన్లే. ఆ రెండు సెకన్లలో 15 మీద అర లీటరు చేరుతుంది, 5 మీద 170 మిల్లీలీటర్లు కూడా చేరదు. సంచి ఎందుకు చప్పబడుతుందో, మాస్కు పెట్టేముందే సంచి ఎందుకు నింపాలో మరి చెప్పక్కర్లేదు.

ఎక్కువ సమయం వెంచురీకి ఇవ్వండి, ఎక్కువ తప్పులు అక్కడే జరుగుతాయి. ఒక కేసు ఇవ్వండి: 64 ఏళ్ల పెద్దాయన, ఏళ్ల తరబడి సీఓపీడీ, ఆయాసం, సాచురేషన్ 84. చాలామంది వెంటనే రిజర్వాయర్ మాస్క్ అందుకుంటారు. ఇలాంటి రోగికి లక్ష్యం 88 నుంచి 92. ఆక్సిజన్ ఎక్కువైతే కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మగతలోకి జారవచ్చు. 28 శాతం వెంచురీ, దాని మీద రాసిన 4 లీటర్లు సరైన మొదలు. అక్కడ ఒక లీటరు ఆక్సిజన్‌కు సుమారు పది లీటర్ల గది గాలి కలిసి, మొత్తం నిమిషానికి 44 లీటర్ల దాకా వస్తుంది.

ఇప్పుడు ఫ్లోను 8కి పెంచి, శాతం ఎంతవుతుందని అడగండి. రెట్టింపు అవుతుందనేవాళ్లే ఎక్కువ. గాలి కూడా అదే నిష్పత్తిలో పెరుగుతుంది కనుక శాతం దాదాపు 28 దగ్గరే ఉంటుంది. శాతం మార్చాలంటే వెంచురీ ముక్కనే మార్చాలి. తర్వాత మేనికిన్ మీద దుప్పటి పైకి లాగి వెంచురీ కిటికీలు మూసేయండి, ఏమైందో వాళ్లనే కనిపెట్టనివ్వండి. గది గాలి రాక ఆక్సిజన్ శాతం పెరుగుతుంది, మొత్తం ఫ్లో పడిపోతుంది. చలికాలం రాత్రి వార్డులో ఎవరూ గమనించకుండా జరిగేది ఇదే. ఈ మాస్కుకు బుడగల సీసా తగిలించినా ఎదురొత్తిడి వల్ల ఫ్లో తగ్గిపోతుంది. ఇక్కడ సీసా వద్దు.

ముగించేటప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టి, రెగ్యులేటర్‌లో మిగిలిన గ్యాసు పోయి గేజ్ సున్నాకు వచ్చాకే ఫ్లోమీటర్ మూయాలి. ఖాళీ అయినదానికి 'ఖాళీ' చీటీ కట్టి, నిండువాటికి దూరంగా నిలబెట్టండి. వదులుగా ఉంచిన మూతను బిగించడం, వాడిన మాస్కులను నిజమైన రోగుల అల్మరాలోకి పోకుండా పక్కన పెట్టడం ఎవరి పనో క్లాసుకు ముందే పేరు రాసి ఉంచండి.