చదువు నిధి – మూడో పాఠం: నెలకు ఎంత దాచాలి?

మొదటి పాఠంలో నేటి ఖర్చును లెక్క కట్టాం. రెండో పాఠంలో అది ఏటా ఎంత శాతం పెరుగుతోందో చూశాం. ఈ పాఠంలో ఆ రెండింటి నుంచి నెలవారీ మొత్తాన్ని రాబడదాం. గుంటూరు దంపతుల లెక్కనే కొనసాగిస్తున్నాను. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా, ఆమె ఇంటి దగ్గర జాకెట్లు కుడతారు. పాప ఈ జూన్‌లో ఒకటో తరగతిలో చేరింది. పదో తరగతి పూర్తి కావడానికి పదేళ్లు, ఆపై ఇంటర్ రెండేళ్లు. అంటే బీటెక్ మొదటి ఫీజు కట్టడానికి 12 ఏళ్ల గడువు ఉంది.

నేటి ఖర్చు వాళ్లకు కళాశాల కరపత్రంలో దొరకలేదు. "బావగారూ, ఫీజు ఒక్కటే కాదు, అన్నీ కలిపి ఏడాదికి మీకు ఎంతవుతోంది?" అని ఆయన అడిగితే దొరికింది. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో చదువుతున్న బావగారి అమ్మాయికి ఫీజు 1,60,000, హాస్టలు, మెస్సు 75,000, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, రాకపోకలు 15,000. మొత్తం రెండున్నర లక్షలు, నాలుగేళ్లకు నేటి ధరల్లో 10 లక్షలు. పాత రసీదులు చూస్తే ఖర్చు తొమ్మిదేళ్లలో రెట్టింపైంది. ఖర్చు రెట్టింపవడానికి పట్టిన ఏళ్లతో 72ను భాగిస్తే ఏటా పెరిగే శాతం సుమారుగా తెలుస్తుంది. 72ను తొమ్మిదితో భాగిస్తే ఏటా 8 శాతం పెరుగుదల.

కన్వీనర్ కోటాలో సీటు వస్తే ఫీజు తగ్గదా అని అడగవచ్చు. తగ్గుతుంది. ఆ కోటా ఫీజులను ప్రభుత్వమే ఖరారు చేస్తుంది. కానీ ఆరేళ్ల పాపకు ఏ ర్యాంకు వస్తుందో ఊహించి ఇప్పుడే అంకె తగ్గించుకోవడం నాకు సమ్మతం కాదు. హాస్టలు, మెస్సు ఖర్చులు ఏ కోటాలో చేరినా ఉంటాయి.

ఏటా 8 శాతం పెరిగితే 12 ఏళ్లకు ఖర్చు సుమారు 2.52 రెట్లవుతుంది. మొదటి ఏడాది 6.30 లక్షలు, నాలుగో ఏడాది 7.93 లక్షలు, నాలుగేళ్లకు 28.37 లక్షలు. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. కొందరు 28.37 లక్షలను 144 నెలలతో భాగించి, నెలకు 19,700 మా వల్ల కాదని కాగితం మడిచేస్తారు. దాచిన డబ్బుకు వచ్చే వడ్డీని వాళ్లు మరిచిపోయారు. మరికొందరు నేటి 10 లక్షలనే 144తో భాగించి, 6,944 చాలని నిశ్చింతగా ఉంటారు. ఫీజులు పెరుగుతాయన్న సంగతిని వీళ్లు మరిచిపోయారు.

అయితే ఈ రెండో అంకె నిజానికి చాలా దగ్గరగా ఉంది. దానికి రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, దాచిన డబ్బు మీద పన్ను పోను మిగిలే రాబడి ఫీజుల పెరుగుదలతో సమానంగా, అంటే 8 శాతం ఉండాలి. రెండోది, దాచే మొత్తాన్ని కూడా ఏటా 8 శాతం పెంచుకుంటూ పోవాలి. ఫీజు ఎంత వేగంగా పెరిగితే డబ్బూ అంతే వేగంగా పెరుగుతుంది కాబట్టి, ఈ రోజు దాచిన వెయ్యి రూపాయలు ఈ రోజు వెయ్యికి దొరికే చదువును పన్నెండేళ్ల తర్వాత కూడా కొనగలవు. అప్పుడు మొత్తం లెక్కను నేటి ధరల్లోనే చేయవచ్చు. చేయవలసిన సవరణ ఒక్కటే. ఏడాది మొదట్లో ఒకేసారి కాకుండా నెలనెలా వేస్తాం కనుక సొమ్ము సగటున దాదాపు ఆరు నెలలు ఆలస్యంగా చేరుతుంది. అందుకోసం 4 శాతం కలిపితే 6,944 కాస్తా 7,200 అవుతుంది.

కాబట్టి వాళ్లు మొదటి ఏడాది నెలకు 7,200, రెండో ఏడాది 7,776 దాచాలి. ఇలా పెంచుకుంటూ పోతే పన్నెండో ఏడాదికి 16,800 దాకా వెళ్తుంది. జీతం పెరిగే ఇంటికి ఈ పద్ధతి నప్పుతుంది. మొదటి నుంచి చివరి దాకా ఒకే మొత్తం దాచాలనుకునేవారు స్ప్రెడ్‌షీట్‌లో ఇలా టైపు చేయండి:

```
=PMT(1.08^(1/12)-1, 144, 0, -2518170)
```

జవాబు సుమారు 10,670 వస్తుంది. ఇందులో 28.37 లక్షలు కాకుండా 25,18,170 ఎందుకు పెట్టామంటే, మొదటి ఫీజు కట్టాక మిగిలిన సొమ్ము తర్వాతి మూడేళ్లూ వడ్డీ సంపాదిస్తూనే ఉంటుంది.

ఇప్పుడు మొదటి షరతు దగ్గరికి వద్దాం. 7.5 శాతం ఇచ్చే ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా 20 శాతం పన్ను శ్లాబులో ఉన్నవారికి పన్ను పోను దాదాపు 6 శాతమే ఇస్తుంది. ఫీజుల కంటే రాబడి ఒక శాతం వెనకబడితే 7,200 బదులు 7,700తో మొదలుపెట్టాలి. రెండు శాతం వెనకబడితే 8,270తో. అంటే వెనకబడిన ప్రతి శాతానికీ సుమారు 500 అదనం.

ఆడపిల్ల కాబట్టి సుకన్య సమృద్ధి ఖాతా ఉంది కదా అని గుమస్తాగారు అడిగారు. 2024 జనవరిలో దాని వడ్డీ 8.2 శాతమైంది, దాని మీద పన్ను లేదు. ఈ రేటును ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. మన షరతుకు సరిగ్గా సరిపోయే రాబడే. చిక్కంతా డబ్బు బయటికి తీయడంలో ఉంది. అమ్మాయికి 18 ఏళ్లు నిండాక లేదా పదో తరగతి పూర్తయ్యాక, చదువు కోసం అంతకు ముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం వరకే తీసుకోనిస్తారు. మిగతా సగం ఖాతా తెరిచిన 21 ఏళ్లకు లేదా పెళ్లి సమయానికి చేతికొస్తుంది. పైగా అందులో ఏడాదికి లక్షన్నరకు మించి వేయనివ్వరు. 7,200తో మొదలుపెట్టి ఆ పరిమితి మేరకు అందులోనే వేస్తే, పన్నెండేళ్లకు సుమారు 24 లక్షలు కనిపించినా బీటెక్‌కు అందేది 12 లక్షలే. రెండో ఏడాది ఖర్చు పూర్తి కాకుండానే అప్పుకు వెళ్లవలసి వస్తుంది. అందుకే బీటెక్ లెక్కలో సుకన్య నిల్వను సగంగానే రాసుకోండి. మిగతా సగాన్ని పెళ్లికో, ఖాతా గడువు తీరాక వచ్చే అవసరాలకో ఉంచండి.

గుంటూరు, విజయవాడ ఇళ్లలో ఈ నిధికి పడే గండి మరొకటి ఉంది, అది ఇంటర్. రెసిడెన్షియల్ కళాశాలలో రెండేళ్లకు నేటి ధరల్లో మూడు లక్షలు అవుతుందనుకుంటే, ఆ ఖర్చు బీటెక్ కంటే రెండేళ్లు ముందే వచ్చి పడుతుంది. విడిగా ఏర్పాటు లేకపోతే తీసేది ఈ నిధిలోంచే. పైన చెప్పిన పద్ధతిలోనే మూడు లక్షలను 120 నెలలతో భాగించి 4 శాతం కలపండి. నెలకు 2,600 వస్తుంది. దాన్ని వేరే ఖాతాలో ఉంచండి.

లెక్క దారి తప్పిందో లేదో పన్నెండేళ్లు ఆగకుండానే తెలుస్తుంది. ఏటా జూన్‌లో నాలుగేళ్ల ఖర్చును ఆ నాటి ధరల్లో మళ్లీ వాకబు చేయండి. 12 ఏళ్లలో మూడు గడిస్తే, నిధిలో ఆ ఖర్చులో నాలుగో వంతు ఉండాలి. ఆరు గడిస్తే సగం. మన లెక్కలో మూడేళ్లకు ఖర్చు 12.6 లక్షలవుతుంది, నిధి 3.15 లక్షలు ఉండాలి. 2.70 లక్షలే ఉందనుకోండి, 45,000 తక్కువ. మిగిలిన 108 నెలలకు పంచితే నెలకు సుమారు 420. దాన్నీ ఏటా 8 శాతం పెంచుతూ నెలవారీ మొత్తానికి కలపండి. ఇంతే కొరత తొమ్మిదేళ్లు గడిచాక బయటపడితే ఆ 45,000ను 36 నెలల్లో పూడ్చాలి, నెలకు 1,250 అవుతుంది.

అభ్యాసం: మీ పిల్లవాడు ఇప్పుడు నాలుగో తరగతిలో చేరాడు. బీటెక్‌కు తొమ్మిదేళ్లు, అంటే 108 నెలలు ఉన్నాయి. నేటి ఖర్చు 8 లక్షలు, పెరుగుదల, రాబడి రెండూ 8 శాతం. ఏటా పెంచే పద్ధతిలో మొదటి ఏడాది నెలకు ఎంత? మీ జవాబు 7,700 దగ్గర రావాలి. 7,400 వస్తే ఆ 4 శాతం కలపడం మరిచారన్నమాట. తర్వాతి పాఠంలో, ఇప్పటికే ఎనిమిదో తరగతిలో ఉన్న పిల్లల లెక్క తీసుకుందాం.