సొంత డబ్బుతో షార్ట్ ఫిల్మ్, 4వ పాఠం: పట్టికలో కనిపించని ఖర్చులు

గత పాఠంలో స్క్రిప్టును సీన్లవారీగా విడగొట్టి ఖర్చుల పట్టిక వేశాం. పన్నెండు నిమిషాల సినిమా, రెండు రోజుల షూటింగ్, యూసుఫ్‌గూడలో స్నేహితుడి ఫ్లాట్, ఒక రాత్రి రోడ్డు సీన్. చేతిలో ఉన్నది లక్ష రూపాయలు, పట్టిక మొత్తం 84,000. మిగిలిన 16,000 ముందుగా తెలియని ఖర్చులకు పక్కన పెట్టే కంటింజెన్సీ అనుకోవాలనిపిస్తుంది. అనుకోకండి. ఇక్కడి రేట్లు అభ్యాసం కోసం వేసుకున్నవి, మీ లెక్కలో మీరు తెచ్చుకున్న కొటేషన్లే వేయండి.

ముందు తలలు లెక్కపెట్టండి. పట్టికలో ఉన్నది పన్నెండు మంది. లొకేషన్లో భోజనానికి కూర్చునేది పదహారు మంది. కృష్ణానగర్ నుంచి కెమెరా తెస్తే దానితో అటెండెంట్ వస్తాడు, లైట్లతో ఇద్దరు లైట్‌మెన్ వస్తారు, వాటిని తెచ్చిన వ్యాన్ డ్రైవర్ ఉంటాడు. సామాను అద్దెలో వాళ్ల బత్తా సాధారణంగా కలవదు. అటెండెంట్, లైట్‌మెన్ కలిపి ముగ్గురికి రోజుకు వెయ్యి చొప్పున రెండు రోజులకు 6,000. డ్రైవర్‌తో కలిపి నలుగురికి టిఫిన్, భోజనం, టీలకు మనిషికి రోజుకు 300 వేస్తే రెండు రోజులకు 2,400. టైము దాటితే అదనపు బత్తా ఏ గంట నుంచి మొదలవుతుందో అడ్వాన్స్ ఇచ్చే ముందే అడిగి రాసుకోండి.

తర్వాత హార్డ్ డిస్క్. కెమెరా సెకనుకు 400 మెగాబిట్లు రికార్డు చేస్తే నిమిషానికి 3 జీబీ. తెరమీది నిమిషానికి ఎనిమిది నిమిషాలు తీస్తామనుకుంటే 96 నిమిషాలు, అంటే సుమారు 290 జీబీ. ఒక డిస్కులో ఇది హాయిగా పడుతుంది. కానీ ఆ ఒక్కటి పాడైతే రెండు రోజుల పనీ పోయినట్టే. రెండో కాపీకి మరో డిస్కు, 5,000. రాత్రి సీన్ అయ్యాక నటీనటుల్ని ఇళ్లకు చేర్చే క్యాబులకు 3,000.

ఇవన్నీ కలిపితే 16,400. మొత్తం 1,00,400. కంటింజెన్సీ ఇంకా మొదలే కాలేదు! తెలిసిన ఖర్చు కంటింజెన్సీలోకి రాదు, దానికి పట్టికలో సొంత వరుస ఉండాలి. వానకు ఆగిన పూట, బండ్ల మోతకు పాడైన డైలాగు మళ్లీ డబ్బింగ్ చెప్పించడం లాంటి ముందుగా తెలియని వాటికే కంటింజెన్సీ. మొత్తం మీద కనీసం పది శాతం.

ఇప్పుడు కోత పెట్టాలి. భోజనంలోనో బత్తాలోనో కాదు, స్క్రిప్టులో. రోడ్డు సీన్‌ను పగలు అదే ఫ్లాటు మేడమీదకు మార్చితే పట్టికలోని జనరేటర్ 9,000, క్యాబులు 3,000 తగ్గుతాయి. 88,400 అవుతుంది. దానికి పది శాతం 8,840 కలిపితే 97,240. ఇప్పుడు చేయగలిగిన సినిమా ఇది.

ఆ 8,840 వేరే ఖాతాలో వేసి, దర్శకుడు కాని మనిషి చేతికివ్వండి. సెట్లో దర్శకుడికి ప్రతి కోరికా అత్యవసరంగానే తోస్తుంది. షూటింగ్ అయ్యాక మిగిలినా సౌండ్ పని పూర్తయి ఫైనల్ మిక్స్ చేతికొచ్చేవరకు ముట్టుకోవద్దు.

అభ్యాసం: మీ పట్టికలో అద్దెకు తెచ్చే ప్రతి వస్తువు పక్కన దానితో వచ్చే మనుషుల సంఖ్య రాసి, భోజనం లెక్క మళ్లీ వేయండి. వచ్చే పాఠంలో కొటేషన్ చదవడం.