వార్డులో ఫిట్స్ వస్తే ఏం చేయాలి? తప్పిన మాత్రను, రక్తంలో మందు స్థాయిని ఎలా అర్థం చేసుకోవాలి?

28 ఏళ్ల యువకుడొకరు రోజూ రాత్రి ఫెనిటాయిన్ 100 మిల్లీగ్రాముల మాత్రలు మూడు వేసుకుంటూ, రెండేళ్లుగా ఫిట్స్ లేకుండా ఉన్నారనుకుందాం. బంధువుల పెళ్లికి ఊరెళ్లి రెండు రాత్రులు మాత్రలు వేసుకోలేదు, సరిగా నిద్ర కూడా పోలేదు. మూడో రోజు ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో చేరారు. వార్డులో మంచం మీద ఉండగానే మరోసారి వచ్చింది. అప్పుడు నర్సు ఏ వరుసలో ఏం చేయాలో ఈ ఉదాహరణతోనే చూద్దాం. ఇంట్లో ఉన్నవారికి కూడా ఇందులో చాలా భాగం ఉపయోగపడుతుంది.

మొదట గడియారం చూసి సమయం గుర్తు పెట్టుకోవాలి. కంగారులో ఒక నిమిషం కూడా పది నిమిషాల్లా అనిపిస్తుంది కాబట్టి, అంచనా మీద ఆధారపడకూడదు. రోగిని విడిచి వెళ్లకుండా కేకవేసి సహాయం పిలవాలి. నేల మీద పడి ఉంటే తల కింద మెత్తటి గుడ్డ పెట్టి, చుట్టూ ఉన్న బల్లలు, స్టాండ్లు జరపాలి. మంచం మీదే ఉంటే పక్క కడ్డీలు పైకెత్తి దిండ్లు అడ్డుపెట్టాలి. మెడ దగ్గర బిగుతుగా ఉన్న బట్టలు వదులు చేసి, వీలైన వెంటనే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. అలా తిప్పితే లాలాజలం, వాంతి గొంతులోకి పోకుండా బయటికి కారిపోతాయి.

కాళ్లూ చేతులూ గట్టిగా పట్టుకుని అదిమిపెట్టకూడదు, ఎందుకంటే కండరాలు అంత బలంగా లాగుతున్నప్పుడు అడ్డుపడితే భుజం కీలు తప్పే ప్రమాదం ఉంది. నాలుక కొరుక్కుంటారన్న భయంతో చెంచా గానీ, గుడ్డ గానీ, వేలు గానీ పళ్ల మధ్య పెట్టకూడదు. పళ్లు విరిగి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, నాలుకకు అయిన గాయం మాత్రం కొద్ది రోజుల్లో మానిపోతుంది. చేతిలో తాళం చెవులు పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తాయి. చాలా ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి కాబట్టి అవి పనిచేసినట్టు తోస్తుంది, కానీ వాటి వల్ల ఫిట్స్ ఆగవు, రోగిని పక్కకు తిప్పాల్సిన విలువైన సమయం మాత్రం పోతుంది.

వార్డులో ఆక్సిజన్ మాస్క్ పెట్టి, చెంప పక్కన చేరిన స్రావాలను మాత్రమే సక్షన్‌తో తీయాలి; బిగిసిన పళ్ల మధ్య నుంచి గొట్టం తోయకూడదు. గ్లూకోమీటర్‌తో చక్కెర చూడాలి, ఎందుకంటే చక్కెర పడిపోయినా ఫిట్స్ వస్తాయి. అయిదు నిమిషాలు దాటినా ఆగకపోతే, లేదా స్పృహ రాకుండానే రెండోది మొదలైతే, అది ప్రాణాపాయ స్థితి. ఇంట్లో అయితే 108కి ఫోన్ చేయాలి. వార్డులో డాక్టరు ఆదేశం మేరకు పెద్దవారికి సాధారణంగా లోరజెపామ్ 4 మిల్లీగ్రాములు నరంలోకి నెమ్మదిగా ఇస్తారు. నరం దొరకకపోతే 40 కిలోలు దాటినవారికి మిడజోలామ్ 10 మిల్లీగ్రాములు కండరంలోకి ఇస్తారు. ఈ మందులు శ్వాసను మందగింపజేయగలవు కనుక, సూది వేసిన తర్వాత కూడా శ్వాసను గమనిస్తూనే ఉండాలి.

ఇక చూడాల్సింది ఫిట్స్ ఎలా మొదలైందన్నది. అసలు సమాచారం చాలావరకు మొదటి పది సెకన్లలోనే ఉంటుంది. మన యువకుడికి ముందు ఎడమ చేయి కొట్టుకుని, తల ఎడమవైపు తిరిగి, తర్వాతే ఒళ్లంతా బిగుసుకుని ఊగింది. అంటే ఇది మెదడులో ఒక చోట మొదలై అంతటా పాకిన రకం. కొందరిలో అది పాకకుండా అక్కడే ఆగుతుంది. అప్పుడు స్పృహ ఉండవచ్చు, లేదా శూన్యంగా చూస్తూ బట్టలు తడుముకోవచ్చు. మొదటి నుంచే రెండువైపులా వచ్చే రకాల్లో ఒళ్లంతా బిగిసి కొట్టుకోవడం అందరికీ తెలిసిందే. పిల్లలు చేస్తున్న పని ఆపి పది సెకన్లు శూన్యంగా చూసి మళ్లీ మామూలైపోతే, అది పరధ్యానమని టీచర్లు అనుకుంటారు. ఉదయం లేవగానే చేయి ఒక్కసారిగా అదిరి గ్లాసు జారిపోవడం మరొక రకం. ఈ చివరి రెండు రకాలను ఫెనిటాయిన్, కార్బమజెపీన్ మరింత పెంచవచ్చు కాబట్టి, మందు ఎంపిక చూసినవారి వర్ణన మీద ఎంతో ఆధారపడుతుంది. కేస్ షీట్‌లో ‘ఫిట్స్ వచ్చింది’ అని రాసి ఊరుకోకుండా, ఏ చేయి ముందు కదిలింది, ఎంతసేపు, కళ్లు ఎటు తిరిగాయి, మూత్రం పోయిందా, ఎప్పుడు తెలివి వచ్చింది అన్నవి రాయాలి.

ఆగిన తర్వాత రోగి మత్తుగా, అయోమయంగా ఉంటారు. పూర్తిగా తెలివి వచ్చి, మింగగలరని తేలే వరకు మంచినీళ్లు గానీ మాత్ర గానీ నోట్లో వేయకూడదు.

తర్వాత మందు సంగతి. ‘ఎందుకు వేసుకోలేదు?’ అని గద్దిస్తే రోగి నిజం చెప్పరు. ‘బాబూ, పెళ్లికి వెళ్లినప్పుడు మాత్రలు వెంట తీసుకెళ్లడం కుదిరిందా? షీట్‌లో ఇంకా ఎన్ని మిగిలాయి?’ అని అడిగితే లెక్క తేలుతుంది. రక్తం తీసిన సమయం, చివరి మాత్ర వేసుకున్న సమయం రెండూ రాయాలి. మామూలు పరీక్షకైతే తర్వాతి మోతాదుకు ముందు రక్తం తీయడం మంచిది.

ఈ యువకుడికి ఫెనిటాయిన్ స్థాయి మిల్లీలీటరుకు 6 మైక్రోగ్రాములు వచ్చింది. సాధారణంగా కోరే స్థాయి 10 నుంచి 20. మాత్రలు తప్పిన సంగతి తెలియకుండా కాగితం మాత్రమే చూస్తే, రోజుకు 400 మిల్లీగ్రాములు చేద్దామనిపిస్తుంది. అక్కడే ప్రమాదం ఉంది. ఫెనిటాయిన్‌ను విడగొట్టే కాలేయపు ఎంజైములకు పరిమితి ఉంది. చెరువు తూము నుంచి పోయేంత నీరే వస్తున్నంతకాలం మట్టం నిలకడగా ఉంటుంది. అంతకు మించి కొద్దిగా వచ్చినా, నీరు చూస్తుండగానే కట్ట దాకా చేరుతుంది. 300తో సరిగ్గా ఉన్న మనిషికి 400 ఇస్తే కొన్ని వారాల్లో స్థాయి 30 దాటవచ్చు. అప్పుడు కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, మాట తడబడుతుంది. తాగివచ్చారని ఇంట్లోవాళ్లు అనుమానిస్తారు. నిజంగా పెంచాల్సి వచ్చినప్పుడు కూడా డాక్టర్లు సాధారణంగా 30 నుంచి 50 మిల్లీగ్రాములే పెంచుతారు.

అంకె ఒక్కటే చాలదు. రక్తంలో మందును పట్టి ఉంచే అల్బుమిన్ అనే ప్రొటీన్ తక్కువగా ఉంటే, మొత్తం స్థాయి తక్కువగా కనిపించినా పనిచేసే మందు సరిపడా ఉండవచ్చు. అల్బుమిన్ డెసిలీటరుకు 2 గ్రాములు ఉన్న రోగికి స్థాయి 8 వస్తే, సరిచేసిన లెక్క ఇలా ఉంటుంది:

```
8 ÷ (0.2 × 2 + 0.1) = 16
```

ఇంటికి పంపేటప్పుడు తప్పిన మాత్ర గురించి స్పష్టంగా చెప్పాలి. రోజుకు ఒక్కసారి వేసుకునేవారు గుర్తొచ్చిన వెంటనే వేసుకోవాలి. తర్వాతి మోతాదు వేళ దగ్గరపడితే మాత్రం తప్పినదాన్ని వదిలేయాలి. రెండు మోతాదులు కలిపి ఎప్పుడూ వేసుకోకూడదు. వరుసగా రెండు మోతాదులు తప్పినా, వేసుకున్న కాసేపటికే వాంతి అయినా డాక్టరును అడగాలి. లెవెటిరాసెటమ్ లాంటి ఫిట్స్ మందులు శరీరం నుంచి త్వరగా వెళ్లిపోతాయి కాబట్టి ఒక్క మోతాదు తప్పినా రక్షణ తగ్గుతుంది. ఉపవాసం రోజున కూడా మాత్ర మానకూడదు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ ఫెనిటాయిన్ స్థాయిని తగ్గిస్తుంది, ఐసోనియాజిడ్ పెంచుతుంది. అందుకే ఏ కొత్త మందు రాసినా ఫిట్స్ మాత్రల సంగతి ముందే చెప్పాలి.

మన యువకుడికి స్థాయి పుంజుకోవడానికి ఆసుపత్రిలో అదనపు మోతాదు ఒకసారి ఇచ్చి, మళ్లీ రాత్రికి అవే మూడు మాత్రలు కొనసాగించారు. రెండు మూడు వారాల తర్వాత, రాత్రి మాత్రలకు ముందు రక్తపరీక్షకు రమ్మన్నారు. అంతకంటే ముందే చూస్తే స్థాయి ఇంకా కుదురుకోక తప్పుదారి పట్టించవచ్చు. ప్రయాణపు సంచిలో మూడు రోజులకు సరిపడా మాత్రలు విడిగా ఉంచమని వాళ్ల అమ్మగారికి కూడా చెప్పి పంపించారు.