కాళ్లు సహకరించకపోతే కారు ఎలా ఎంచుకోవాలి? హ్యాండ్ కంట్రోల్స్ ఎలా బిగించుకోవాలి?

మా మేనల్లుడికి బైక్ ప్రమాదంలో వెన్నెముక దెబ్బతింది. రెండు కాళ్లలోనూ కదలిక లేదు, చేతులు మాత్రం బాగా బలంగా ఉన్నాయి. వాడితో కలిసి కారు కోసం తిరిగినప్పుడు నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నాను.

మొదట ఏ కాలు పనిచేస్తుందో చూసుకోండి. సమస్య ఎడమ కాలికే అయితే చాలావరకు మామూలు ఆటోమేటిక్ కారు సరిపోతుంది. అందులో క్లచ్ ఉండదు, పని అంతా కుడి కాలిదే. కుడి కాలు మాత్రమే పనిచేయకపోతే యాక్సిలరేటర్‌ను ఎడమ కాలి వైపుకు మార్పించుకోవచ్చు. మావాడిలా రెండూ పనిచేయకపోతే ఆటోమేటిక్ కారుకు, బ్రేక్‌నూ యాక్సిలరేటర్‌నూ చేత్తో నడిపే హ్యాండ్ కంట్రోల్స్ పెట్టించాలి.

కారు కొనడానికి ముందే ఆర్టీఓ ఆఫీసుకు వెళ్లి రండి. మార్పులు చేసిన వాహనం నడిపే అనుమతి లైసెన్సులో ఉండాలి. మార్పులకు ముందే అనుమతి తీసుకోవాలి, అవి ఆర్‌సీలో కూడా ఎక్కాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా తెలియజేయండి. లేకపోతే క్లెయిమ్ సమయంలో గొడవ వస్తుంది.

ఇక కారు. షోరూమ్‌కు వెళ్లేటప్పుడు టేపు పట్టుకెళ్లండి. మావాడి వీల్‌చెయిర్ సీటు నేల నుంచి 50 సెంటీమీటర్ల ఎత్తు. వాడికి నచ్చిన ఎస్‌యూవీ సీటు 65 దాకా ఉంది. అంత ఎత్తుకు చేతులతో ఒళ్లు లేపుకోవడం రెండు సార్లకే ఆయాసం తెప్పించింది. పక్కనున్న హ్యాచ్‌బ్యాక్ సీటు 54. చెయ్యి ఊని ఒక్క జరుగుడుతో లోపలికి వెళ్లిపోయాడు. తలుపు ఎంత వెడల్పుగా తెరుచుకుంటుంది, వీల్‌చెయిర్‌ను మడిచి మీ అంతట మీరే లోపల పెట్టుకోగలరా అన్నవి కూడా అక్కడే, స్వయంగా చేసి చూడండి.

గేర్‌బాక్స్ దగ్గర తొందరపడకండి. ధర తక్కువని చాలామంది ఏఎంటీ, అంటే మామూలు గేర్‌బాక్స్‌కే క్లచ్, గేర్లను యంత్రం మార్చే రకం, తీసుకుంటారు. తప్పు కాదు, కానీ చేత్తో నడిపేవారికి ఒక చిక్కుంది. బ్రేక్, యాక్సిలరేటర్ రెండూ ఒకే లివర్‌పై ఉంటాయి కాబట్టి బ్రేక్ వదిలాకే యాక్సిలరేటర్ ఇవ్వగలం. ఎత్తుమీద ఆ క్షణంలో కారు వెనక్కి జారుతుంది. షోరూమ్ సెల్లార్ ర్యాంప్ మీద ఆపి, బ్రేక్ వదిలి చూడండి. హిల్ హోల్డ్ ఉంటే కాసేపు కదలకుండా పట్టుకుంటుంది. సీవీటీ, టార్క్ కన్వర్టర్ అనే వేరే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్సులున్న కార్లు బ్రేక్ వదలగానే మెల్లగా ముందుకు పాకుతాయి. ట్రాఫిక్‌లో చేతికి అది చాలా విశ్రాంతి. డబ్బు సర్దుబాటైతే నా ఓటు వాటికే.

హ్యాండ్ కంట్రోల్స్‌లో తేలికగా అలవాటయ్యేది పుష్-పుల్ లివర్. ముందుకు నెడితే బ్రేక్, మన వైపు లాగితే యాక్సిలరేటర్. ఈ అమరికకు కారణం ఉంది. గట్టిగా బ్రేక్ పడినప్పుడు ఒళ్లు ముందుకు తూలుతుంది, ఆ బరువు కూడా లివర్‌ను బ్రేక్ వైపే నెడుతుంది. ఆటోమేటిక్‌లో బ్రేక్ నొక్కి ఉంచితేనే గేర్ పార్కింగ్ నుంచి కదులుతుంది, అంటే ఒక చేత్తో లివర్ నెట్టి ఉంచి ఇంకో చేత్తో గేర్ మార్చాలి. మన కార్లలో గేర్ ఎడమ చేతి వైపు ఉంటుంది కాబట్టి లివర్‌ను కుడివైపు పెట్టించాం. ఎడమ చేతికి స్టీరింగ్ మీద గుండ్రటి నాబ్ బిగించాం. దాన్ని పట్టుకుని ఒక్క చేత్తోనే మలుపు తిప్పొచ్చు.

బిగించాక మెకానిక్‌ను వెంటనే పంపేయకండి. ముందు ఇంజిన్ ఆపి లివర్‌ను చివరిదాకా నెట్టండి. బ్రేక్ పెడల్ గట్టిపడి ఆగేదాకా దిగాలి, లివర్ మోకాలికి గానీ డాష్‌బోర్డుకు గానీ తగలకూడదు, యాక్సిలరేటర్ అసలు కదలకూడదు. మావాడికి మొదటిసారి లివర్ తొడకు తగిలి మధ్యలోనే ఆగింది. రాడ్డు పొడవు సరిచేయించాల్సి వచ్చింది. స్టీరింగ్‌ను రెండు వైపులా పూర్తిగా తిప్పి, రాడ్డుకు ఎక్కడా అడ్డు రాలేదని చూసుకోండి. ఇంజిన్ ఆగిపోయినప్పుడు బ్రేక్ బాగా గట్టిబడుతుంది. అప్పుడు చేత్తో ఎంత బలం పెట్టాలో కూడా ఆగి ఉన్న కారులోనే నెట్టి చూడండి.

చాలామంది మరిచిపోయేది కాళ్ల సంగతి. స్పర్శ లేని పాదం జారి పెడల్ కిందికి వెళ్లినా మనకు తెలియదు. కండరాలు బిగుసుకుపోయే వారికి ఆ ప్రమాదం ఇంకా ఎక్కువ. పాదాలకూ పెడళ్లకూ మధ్య ఒక రేకు అడ్డు పెట్టించండి. ఇంట్లో వేరేవాళ్లు కాలితో నడిపేటప్పుడు తీసేసుకునేలా ఉంటే మేలు.

మొదటి రోజులు ఖాళీ మైదానంలోనే నడపండి, పక్కన బాగా తెలిసినవారు ఉండాలి. టెన్షన్‌లో చెయ్యి దేన్నైనా గట్టిగా పట్టుకుని తనవైపు లాగుతుంది, ఇక్కడ అలా లాగడమంటే యాక్సిలరేటర్. అందుకే "నెట్టు" అనగానే చెయ్యి ముందుకు వెళ్లేదాకా, వేగం పెంచకుండా ఆపడం ఒక్కటే పదేపదే చేయించాం.

నెల తిరిగాక పెడల్‌కు రాడ్డును పట్టి ఉంచే క్లాంపుల బోల్టులు మళ్లీ బిగించండి. లివర్ కదిపినప్పుడు టక్ మని చప్పుడైనా, బ్రేక్ పడే ముందు కాస్త ఖాళీగా జరిగినట్టు అనిపించినా, ఆ రోజు కారు బయటికి తీయకండి.