ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి రుజువులు అడుగుతూ నోటీసు వస్తే జవాబు ఇచ్చే విధానం

రిటర్న్‌లో సెక్షన్ 80ఇ కింద మినహాయింపు కోసం ఎడ్యుకేషన్ లోన్ వడ్డీ చూపించారు, ఇప్పుడు రుజువులు పంపమని ఆదాయపు పన్ను శాఖ నోటీసు ఇచ్చింది. ముందు అది అసలైనదో కాదో చూసుకోండి. incometax.gov.in హోం పేజీలో లాగిన్ అవసరం లేకుండానే నోటీసుపై ఉండే డిన్ అనే గుర్తింపు నంబరును సరిచూడవచ్చు. మెయిల్‌లో వచ్చిన లింకు మాత్రం నొక్కవద్దు.

తర్వాత బ్యాంకు నుంచి ఆ ఆర్థిక సంవత్సరానికి ఇంట్రెస్ట్ సర్టిఫికెట్ తీసుకోండి. చాలా బ్యాంకుల నెట్ బ్యాంకింగ్‌లోనే దొరుకుతుంది. దానితోపాటు లోన్ ఖాతా స్టేట్‌మెంటు కూడా తప్పకుండా తీసుకోండి. ఎందుకంటే మినహాయింపు ఆ ఏడాది మీరు నిజంగా కట్టిన వడ్డీకే వస్తుంది. ఖాతాలో బ్యాంకు వేసిన వడ్డీ వేరు, మీరు కట్టినది వేరు. కొన్ని సర్టిఫికెట్లలో బ్యాంకు వేసిన వడ్డీ మాత్రమే ఉంటుంది, తేడా స్టేట్‌మెంటులోనే బయటపడుతుంది.

ఎక్కువమంది పొరపడేది ఈఎంఐ దగ్గరే. నెలకు 12,000 చొప్పున ఏడాదికి 1,44,000 కట్టి, మొత్తం వడ్డీగా చూపించారనుకోండి. స్టేట్‌మెంటు ప్రకారం అందులో వడ్డీ 86,400, మిగిలిన 57,600 అసలు. అసలుకు 80ఇ వర్తించదు. 20 శాతం శ్లాబులో ఉంటే సెస్సుతో కలిపి సుమారు 11,981 రూపాయల పన్ను తక్కువ కట్టినట్టు. దానిపై వడ్డీ అదనం.

లోన్ శాంక్షన్ లెటర్‌లో ఎవరి పేరుందో కూడా చూడండి. నాన్న ఒక్కరి పేరు మీదే లోన్ ఉండి, ఈఎంఐ మీ ఖాతా నుంచి పోతున్నా, మినహాయింపు మీకు రాదు. కో-బారోయర్‌గా మీ పేరుంటే, మీరు కట్టిన వడ్డీకి అడగవచ్చు. వడ్డీ కట్టడం మొదలైన ఏడాదితో కలిపి 8 సంవత్సరాలే ఈ వెసులుబాటు, అదీ పాత పన్ను విధానంలోనే.

కాగితాలు పీడీఎఫ్‌గా చేసుకుని లాగిన్ అయ్యాక Pending Actions లో e-Proceedings తెరిచి, ఆ నోటీసు కింద జవాబు పెట్టండి. ఇంట్రెస్ట్ సర్టిఫికెట్, శాంక్షన్ లెటర్, స్టేట్‌మెంటు, ఈఎంఐ పోయిన బ్యాంకు ఖాతా పేజీలు జతచేస్తే చాలు. బ్యాంకు ఆలస్యం చేస్తుంటే, గడువు దాటకముందే అక్కడే వాయిదా కోరండి. ఖాళీగా వదిలేయడం కన్నా అది ఎంతో మేలు. పంపాక వచ్చే రసీదును దాచుకోండి.

లెక్క తప్పిందని తేలితే, సరైన అంకెను జవాబులో రాసి, పన్ను కడతామని ఒప్పుకోవడమే నా సలహా. శాఖ మీ రిటర్న్‌ను పరిశీలించే స్క్రూటినీ నడుస్తుండగా, దాన్ని సరిదిద్దే అప్‌డేటెడ్ రిటర్న్ వేయడం కుదరదు. లేని రసీదు సృష్టిస్తే తప్పుడు సమాచారం కింద తక్కువ చూపిన పన్నుకు 200 శాతం జరిమానా పడవచ్చు.

నోటీసు సెలవు ప్రయాణాలకు కంపెనీ ఇచ్చే ఎల్‌టీఏ భత్యం గురించి అయితే, ప్రయాణ ఛార్జీల రుజువులే కావాలి: రైలు లేదా బస్సు టికెట్లు, విమానమైతే టికెట్‌తో బోర్డింగ్ పాస్. హోటల్, భోజనం బిల్లులు దీనికి లెక్కలోకి రావు. టికెట్లు పోయుంటే, బుక్ చేసిన వెబ్‌సైట్ ఖాతాలోని పాత బుకింగులు, అప్పటి మెయిళ్ళు చూడండి. కంపెనీకి మినహాయింపుల వివరాలు తెలిపే ఫారం 12బీబీతో కాపీలు ఇచ్చి ఉంటే, హెచ్ఆర్‌ను అడిగినా దొరకవచ్చు.