స్టీమ్‌లో మొదటి గేమ్ రిలీజ్: ధర పెట్టే ముందు చూసుకోవాల్సినవి

ఐదారు గంటల్లో పూర్తయ్యే గేమ్ చేశారు, స్టీమ్‌లో అమ్మబోతున్నారు అనుకుందాం. కొత్తవాళ్లం కదా, ఎవరు కొంటారులే అని చాలామంది 4.99 డాలర్లు పెట్టేస్తారు. ఆ తొందర వద్దు. తగ్గించడం ఎప్పుడైనా చేయొచ్చు గానీ పెంచడం కష్టం: ఏ కరెన్సీలో ధర పెంచినా తర్వాత 30 రోజులు డిస్కౌంట్ పెట్టనివ్వరు, పైగా పాత ధరలు స్టీమ్‌డీబీ అనే సైట్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంటాయి. మీ గేమ్‌లాంటివి, అంతే నిడివి ఉన్నవి పదింటిని చూసి, వాటి అసలు ధరల మధ్యలో నిలబడండి. సేల్ ధరలు చూసి మోసపోవద్దు.

డాలర్ ధర కొట్టగానే మిగతా కరెన్సీలకు స్టీమ్ తనే అంకెలు సూచిస్తుంది. వాటిని కళ్లు మూసుకుని ఒప్పుకోకండి. 2022లో ఇచ్చిన సూచనల ప్రకారం పెట్టిన పోలాండ్ ధర, యూరోల్లోకి మార్చి చూస్తే, యూరో ధర కంటే ఎక్కువ పడుతూ వచ్చింది, అక్కడి ఆటగాళ్లు చాలా గట్టిగా అడిగారు కూడా. పాత గైడ్లు చదివి టర్కీ లీరా, అర్జెంటీనా పెసో గురించి ఆలోచించొద్దు, 2023 నవంబర్ నుంచి ఆ రెండు దేశాల్లోనూ డాలర్లలోనే అమ్ముతున్నారు.

ఇండియా ధర దగ్గర మాత్రం లెక్క వేసుకోండి. ₹400 పెడితే అందులో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది, అది తీస్తే సుమారు ₹339, స్టీమ్ వాటా 30 శాతం పోతే మీకు మిగిలేది ₹237. అదే 40 శాతం తగ్గింపులో అమ్మితే చేతికొచ్చేది ₹142.

అందుకే లాంచ్ డిస్కౌంట్ 10 శాతం చాలంటాను. విష్‌లిస్ట్‌లో పెట్టుకున్నవాళ్లకి రిలీజ్ మెయిల్ డిస్కౌంట్ లేకపోయినా వెళ్తుంది, దానికోసం ఎక్కువ తగ్గించాల్సిన పనే లేదు. తర్వాతి సేల్‌లో మాత్రం మెయిల్ వెళ్లాలంటే కనీసం 20 శాతం తగ్గాలి, కాబట్టి పెద్ద తగ్గింపు అప్పటికి దాచుకోండి. మొదటి రోజే 40 ఇచ్చేస్తే, తర్వాత 20 పెట్టినా ఎవరూ కదలరు. ఇంకో మాట, లాంచ్ డిస్కౌంట్‌ని రిలీజ్ బటన్ నొక్కేలోపే సెట్ చేయాలి, నొక్కాక పెట్టడం కుదరదు.

అసలు దెబ్బ తగిలేది తేదీ దగ్గర. లాంచ్ డిస్కౌంట్ అయిపోయాక 30 రోజులు ఇంకే డిస్కౌంటూ ఉండదు, సీజన్ సేల్స్‌కీ మినహాయింపు లేదు. జూన్ 9న రిలీజ్ చేసి 14 రోజులు తగ్గింపు ఇస్తే అది 23న ముగుస్తుంది, మీరు జూలై 23 దాకా ఆగాలి, జూన్ చివర్లో మొదలయ్యే సమ్మర్ సేల్ కళ్లముందే వెళ్లిపోతుంది. అదే మే 12న రిలీజ్ చేసి ఏడు రోజులే ఇస్తే జూన్ 18కల్లా 30 రోజులూ గడిచిపోతాయి. మేలో గేమ్ సిద్ధం కాకపోతే సేల్ అయ్యాక జూలైలో రండి.